గేమ్‌కి High ప్రయారిటీ, CPU 0 టిక్ తీసేయడం: నిజంగా పనిచేస్తోందా, నా భ్రమా?

రాత్రిసవారి · రాత్రి 10:42

అందరికీ నమస్తే. నాది ఆరు కోర్ల ప్రాసెసర్, టాస్క్ మేనేజర్‌లో పన్నెండు గళ్లు కనిపిస్తాయి. 16 జీబీ ర్యామ్, 144 హెర్ట్జ్ మానిటర్, విండోస్ 11. ఒక ఓపెన్ వరల్డ్ గేమ్ ఆడుతున్నాను. అడవిలో, కొండల్లో బాగానే ఉంటుంది. పట్నంలోకి గుర్రం మీద వెళ్తే మాత్రం ఉన్నట్టుండి పట్టేసినట్టు ఒక క్షణం ఆగి మళ్లీ కదులుతుంది.

నిన్న ఒక వీడియోలో చూసి ఇలా చేశాను. ముందు పట్నమంతా ఒకసారి తిరిగాను, చాలాసార్లు పట్టేసింది. అప్పుడు ఆట నుంచి బయటికొచ్చి, టాస్క్ మేనేజర్ Details ట్యాబ్‌లో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, Set priority లో High పెట్టాను, Set affinity లో CPU 0 టిక్ తీసేశాను. మళ్లీ ఆటలోకెళ్లి అదే దారిలో తిరిగితే దాదాపు సాఫీగా నడిచింది! పూర్తిగా పోలేదు కానీ తేడా మాత్రం కళ్లకు కనిపించింది.

గేమ్ మూసేస్తే ఈ సెట్టింగ్ పోతోంది. దీన్ని శాశ్వతంగా ఉండేలా చేయడం ఎలా? చేస్తే ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

---

మెరుపువేగం · రాత్రి 10:58

బ్రో, రిజిస్ట్రీలో పెట్టేయ్, ప్రతిసారీ చేయక్కర్లేదు. గేమ్ ఎక్స్‌ఈ పేరుతో ఒక కీ, దాని కింద PerfOptions, అందులో ఒక విలువ.

```
HKLM\SOFTWARE\Microsoft\Windows NT\CurrentVersion\
Image File Execution Options\game.exe\PerfOptions
CpuPriorityClass  (DWORD) = 3
```

3 అంటే High. నేను అన్ని గేములకీ ఇదే పెట్టాను. Realtime అయితే ఇంకా బాగుంటుంది కానీ అది టాస్క్ మేనేజర్ నుంచి ప్రతిసారీ పెట్టుకోవాలి. అఫినిటీ కూడా చాలా ముఖ్యం. విండోస్ గేమ్ థ్రెడ్‌ని ఒక కోర్ మీద నుంచి ఇంకో కోర్ మీదకి తిప్పుతూనే ఉంటుంది, తిప్పిన ప్రతిసారీ క్యాష్ పోతుంది. కోర్లు కట్టేస్తే ఆ నష్టం ఉండదు.

---

అలలదారి · రాత్రి 11:10

నాకు కూడా ఇదే సమస్య. High పెట్టినా పింగ్ 90 కిందకి దిగట్లేదు. ఏ కోర్ తీసేయాలి?

---

కొలతబద్ద · రాత్రి 11:31

అలలదారి గారూ, మీది నెట్‌వర్క్ సమస్య, ఇది వేరు. పింగ్ అంటే మీ ప్యాకెట్ సర్వర్ దాకా వెళ్లి వచ్చే సమయం. దారిలో పట్టే ఆ సమయం మీద ప్రాసెసర్ ప్రయారిటీకి ఏ పట్టూ ఉండదు. వేరే థ్రెడ్ మొదలుపెట్టండి, చూద్దాం.

రాత్రిసవారి తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. "ముందు పట్నమంతా ఒకసారి తిరిగాను" అన్నావు. సెట్టింగ్ మార్చి మళ్లీ అదే దారిలో తిరిగావు. అంటే నువ్వు పోల్చింది మొదటి తిరుగుడుని, రెండో తిరుగుడుని. చాలా గేముల్లో ఒక చోటికి మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి షేడర్లు అప్పటికప్పుడు కంపైల్ అవుతాయి, టెక్స్చర్లు డిస్క్ నుంచి వస్తాయి. రెండోసారికి అవన్నీ సిద్ధంగా ఉంటాయి. నువ్వు ఏ సెట్టింగూ ముట్టుకోకుండా రెండోసారి తిరిగినా అంతే సాఫీగా ఉండేదేమో. అందుకే రిజిస్ట్రీలోకి వెళ్లే ముందు కొలవాలి.

ప్రయారిటీ ఏం చేస్తుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ మాట వినగానే వేగం అనిపిస్తుంది. విండోస్‌లో ప్రతి థ్రెడ్‌కీ 0 నుంచి 31 వరకూ ఒక అంకె ఉంటుంది. మామూలు ప్రోగ్రామ్ థ్రెడ్ 8 దగ్గర మొదలవుతుంది, High పెడితే 13 దగ్గర. ఆ అంకెను విండోస్ ఎప్పుడు చూస్తుందంటే, ఒక కోర్ కోసం ఇద్దరు పోటీ పడ్డప్పుడు. అప్పుడు పెద్ద అంకె ఉన్నవాడు ముందు, చిన్న అంకె ఉన్నవాడు ఆగాలి. కౌంటర్ దగ్గర క్యూ ఉంటే నిన్ను ముందు నిలబెట్టినందుకు లాభం. కౌంటర్ ఖాళీగా ఉంటే ముందు నిలబడ్డా, వెనక నిలబడ్డా నీ పని అయ్యే సమయం ఒక్కటే. నీకు పన్నెండు కౌంటర్లు ఉన్నాయి. గేమ్‌లో గట్టిగా పనిచేసే థ్రెడ్లు నాలుగో ఐదో ఉంటాయి. క్యూ ఎక్కడుంది?

ఇంకో సంగతి. తెర మీద ముందున్న విండోకి విండోస్ ఇప్పటికే మొగ్గు చూపిస్తుంది. మనం ఇళ్లలో వాడే విండోస్‌లో ముందున్న ప్రోగ్రామ్ థ్రెడ్లకి, వెనకున్న వాటితో పోలిస్తే మూడింతల టైమ్‌స్లైస్ ఇస్తుంది. గేమ్ ఎప్పుడూ ముందే ఉంటుంది కదా.

---

మెరుపువేగం · రాత్రి 11:40

మరి క్యాష్ సంగతి? థ్రెడ్ కోర్లు మారుతున్నట్టు గ్రాఫ్‌లోనే కనిపిస్తుంది అన్నా. ఒక్క కోర్ కూడా 100 చూపించదు, అన్నీ 30, 40 చూపిస్తాయి.

---

కొలతబద్ద · రాత్రి 11:58

థ్రెడ్ మారుతుందన్నది నిజం, అందులో నువ్వు తప్పు చెప్పలేదు. దాని వల్ల ఎంత నష్టం అన్నదే ప్రశ్న. విండోస్ ప్రతి థ్రెడ్‌కీ ఒక ఇష్టమైన కోర్ గుర్తుపెట్టుకుంటుంది, పోయినసారి ఎక్కడ నడిచిందో కూడా చూస్తుంది. వీలైతే అక్కడికే పంపిస్తుంది. మారినా, ఆరు కోర్లకీ ఒకే ఎల్3 క్యాష్ ఉన్నప్పుడు డేటా పక్కనే ఉంటుంది, మళ్లీ తెచ్చుకోవడానికి మైక్రోసెకన్లు చాలు. 144 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేమ్‌కి దాదాపు 7 మిల్లీసెకన్లు, అంటే 7000 మైక్రోసెకన్లు. ఆ నష్టం ఇందులో కలిసిపోతుంది, కంటికి కనపడదు.

కట్టేస్తే వచ్చే నష్టం మాత్రం పెద్దది. ఈ కాలం ప్రాసెసర్లలో కోర్లన్నీ సమానం కావు. రెండు మూడు కోర్లు మిగతావాటి కంటే ఎక్కువ క్లాక్ అందుకుంటాయి. అవి ఏవో ప్రాసెసరే విండోస్‌కి చెప్తుంది, విండోస్ బరువైన థ్రెడ్‌ని అక్కడికి పంపిస్తుంది. నువ్వు చేత్తో టిక్‌లు తీసేటప్పుడు ఆ మంచి కోర్‌నే తీసేశావో లేదో నీకు తెలియదు. CPU 0 తీసేయమని చెప్పే వీడియోల్లో దీని ప్రస్తావనే ఉండదు.

ఇంకా ముఖ్యమైనది: చాలా గేమ్ ఇంజిన్లు మొదలయ్యేటప్పుడే ఎన్ని లాజికల్ ప్రాసెసర్లు ఉన్నాయో చూసి అన్ని వర్కర్ థ్రెడ్లు పుట్టిస్తాయి. ఆట మొదలయ్యాక నువ్వు కోర్లు తగ్గిస్తే ఇంజిన్‌కి ఆ కబురు అందదు. పన్నెండింటికని పుట్టినవి పదకొండిట్లో సర్దుకోవాలి. ఒక ఫ్రేమ్ పూర్తవ్వాలంటే ఆ వర్కర్లందరి పనీ అవ్వాలి కాబట్టి, ఒక్కడు ఆగినా మిగతా వాళ్లు వాడి కోసం ఎదురు చూస్తారు. సగటు ఎఫ్‌పీఎస్ పెద్దగా మారదు, మధ్యమధ్య ఒక్కో ఫ్రేమ్ ఆలస్యమవుతుంది. అంటే నువ్వు పోగొట్టుకోవాలనుకున్న జబ్బే ఇంకొంచెం ఎక్కువవుతుంది.

---

పాతకీబోర్డు · ఉదయం 6:20

ఈ చిట్కా ఎక్కడి నుంచి పుట్టిందో నాకు గుర్తుంది, రాస్తాను. 2005 ప్రాంతంలో ఇంట్లో వాడే కంప్యూటర్లలోకి రెండు కోర్ల ప్రాసెసర్లు వచ్చాయి. నాది అథ్లాన్ 64 ఎక్స్2. అప్పటిదాకా బ్రహ్మాండంగా నడిచిన ఒక గేమ్, కొత్త ప్రాసెసర్ మీద పిచ్చి పట్టినట్టు నడిచేది. బొమ్మ పరిగెత్తుతూ పరిగెత్తుతూ వెనక్కి గెంతేది, ఒక్కోసారి మొత్తం ఆట రెట్టింపు వేగంతో పోయేది.

కారణం ఏంటంటే, అప్పటి గేములు సమయం కొలవడానికి ప్రాసెసర్ లోపలి కౌంటర్‌ని నేరుగా చదివేవి. రెండు కోర్లలో ఆ కౌంటర్లు ఒకదానితో ఒకటి కలిసి నడిచేవి కావు. థ్రెడ్ కోర్ మారగానే గడియారం ముందుకో వెనక్కో పోయినట్టయ్యేది. Set affinity లో ఒక్క కోర్ టిక్ ఉంచితే వెంటనే కుదుటపడేది. తర్వాత ఏఎండీ వాళ్లే డ్యుయల్-కోర్ ఆప్టిమైజర్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఇచ్చారు, అది వేశాక టిక్‌లు తీసే పని తప్పింది.

అప్పుడు అది నిజమైన మందు. ఇప్పటి ప్రాసెసర్లలో ఆ కౌంటర్ క్లాక్ మారినా ఒకే వేగంతో నడుస్తుంది, కోర్ల మధ్య తేడా రాదు. జబ్బు పోయింది, మందు చీటీ మాత్రం చేతులు మారుతూ ఇక్కడిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ల కిందటి ఒంటికోర్ గేములు ఇప్పటికీ ఆడేవాళ్లు మాత్రం ఒక కోర్‌కి కట్టి చూడొచ్చు, కొన్నిటికి ఇప్పటికీ అవసరమే.

---

రాత్రిసవారి · ఉదయం 8:05

అన్నా, మొదటి తిరుగుడు రెండో తిరుగుడు సంగతి నాకు తట్టనే లేదు. సరే, ఎలా కొలవాలో చెప్పండి. ఈ రాత్రికి చేసి పెడతాను.

---

కొలతబద్ద · ఉదయం 8:40

ప్రెజెంట్‌మాన్ వాడు, ఉచితం. ప్రతి ఫ్రేమ్‌కి ఎంత సమయం పట్టిందో, అందులో జీపీయూ ఎంతసేపు పనిలో ఉందో ఫైల్‌లో రాస్తుంది. ఒకే సేవ్ ఫైల్, ఒకే వాకిలి నుంచి ఒకే దారి, 60 సెకన్లు. ముందు రెండుసార్లు ఊరికే తిరుగు, అవి లెక్కలోకి రావు. తర్వాత ఒక్కో సెట్టింగ్‌కీ మూడేసిసార్లు. సగటు ఒక్కటే చూడకు, 1% Low చూడు, అంటే అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల దగ్గరి ఎఫ్‌పీఎస్, అన్నిటికంటే ముఖ్యంగా ఫ్రేమ్‌టైమ్ గీత చూడు.

సెట్టింగ్ నిజంగా అంటుకుందో లేదో కూడా చూసుకో. పవర్‌షెల్‌లో:

```
Get-Process game | Select-Object Name, PriorityClass, ProcessorAffinity
```

game స్థానంలో నీ గేమ్ ఎక్స్‌ఈ పేరు, చివరి .exe లేకుండా. పన్నెండు టిక్‌లూ ఉంటే 4095 చూపిస్తుంది. CPU 0 తీసేస్తే 4094. కొన్ని ఆన్‌లైన్ గేముల యాంటీచీట్ ఈ మార్పును ఒప్పుకోదు, టాస్క్ మేనేజర్ Access is denied అంటుంది. అలాంటప్పుడు దాంతో పెనుగులాడొద్దు.

---

గొంతుకలకలం · మధ్యాహ్నం 1:15

నా అనుభవం చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నేను నలుగురు స్నేహితులతో వాయిస్‌లో మాట్లాడుతూ ఆడతాను. నాది నాలుగు కోర్ల పాత మెషీన్. ఒక నెల కిందట గేమ్‌కి High పెట్టాను. నాకు ఏ తేడా తెలియలేదు. కానీ కొత్త మ్యాప్ లోడ్ అయ్యే ప్రతిసారీ స్నేహితులు "నీ గొంతు ముక్కలుముక్కలుగా వస్తోంది" అనడం మొదలుపెట్టారు. మైక్ మార్చాను, కేబుల్ మార్చాను, ఏం చేసినా పోలేదు. పది రోజులు ఆ టెన్షన్‌లోనే ఉన్నాను. చివరికి గేమ్‌ని Normal కి తెచ్చాక పోయింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు. నాకైతే వాళ్ల మాటలు శుభ్రంగానే వినిపించేవి, అదే విచిత్రం.

---

కొలతబద్ద · మధ్యాహ్నం 2:02

మీ కేసు చాలా స్పష్టంగా ఉందండీ. లోడింగ్ సమయంలో గేమ్ అన్ని కోర్లనీ ఒకేసారి నింపేస్తుంది, షేడర్లు కంపైల్ చేస్తూ, ఫైళ్లు విప్పుతూ. అక్కడ మాత్రం క్యూ నిజంగా ఉంటుంది. మీ గేమ్ థ్రెడ్లన్నీ 13 మీద, మీ గొంతుని ఎన్‌కోడ్ చేసి పంపే థ్రెడ్ 8 మీద. అది ఆకలితో ఉంటుంది. ఒక థ్రెడ్ దాదాపు నాలుగు సెకన్లు వంతు రాకుండా ఆగిపోతే విండోస్ జాలిపడి కాసేపు పైకి లేపుతుంది, కానీ మాటకి నాలుగు సెకన్లు ఎక్కడ సరిపోతాయి.

వాళ్ల గొంతు మీకు బాగా వినిపించడానికి కారణం, స్పీకర్లకి శబ్దం పంపే విండోస్ ఆడియో థ్రెడ్లు 16కి పైన ఉండే శ్రేణిలో నడుస్తాయి. High పెట్టిన గేమ్ వాటిని దాటలేదు.

మెరుపువేగం, Realtime బాగుంటుందన్నావు, దానికి ఇదే జవాబు. Realtime అంటే 24. మౌస్, కీబోర్డ్ మాట వినే విండోస్ థ్రెడ్ల కంటే కూడా గేమే ముందు. గేమ్ అన్ని కోర్లనీ నింపిన క్షణంలో మౌస్ బిగుసుకుపోతుంది. నువ్వు ఇన్నాళ్లూ ఇబ్బంది పడలేదంటే ఒక కారణం ఉండొచ్చు: టాస్క్ మేనేజర్ అడ్మిన్‌గా నడవకపోతే Realtime నొక్కినా నోరు మెదపకుండా High మాత్రమే ఇస్తుంది. మెనూ మళ్లీ తెరిచి చుక్క ఎక్కడుందో చూడు.

---

మెరుపువేగం · మధ్యాహ్నం 2:30

చూశాను. చుక్క High మీదే ఉంది. రెండేళ్లుగా Realtime లో ఆడుతున్నాననే అనుకుంటున్నాను.

కానీ ఒక్కటి అడుగుతాను. ఒక కోర్‌లోని రెండు థ్రెడ్లలో ఒకటి మాత్రమే వాడేలా కట్టే చిట్కా ఉంది కదా, అది నాకు నిజంగా పనిచేసింది. ఆరు కోర్లకి ఇలా:

```
start "" /affinity 555 game.exe
```

---

కొలతబద్ద · మధ్యాహ్నం 3:10

555 అంటే ఒకటి విడిచి ఒకటి, ప్రతి కోర్‌లో ఒక్క లాజికల్ ప్రాసెసర్. ఒకే కోర్‌లో ఇద్దరిని కూర్చోబెడితే ఇద్దరూ నెమ్మదిస్తారన్నది నిజమే. అయితే విండోస్‌కి అది ముందే తెలుసు. పక్కన ఖాళీ కోర్ ఉండగా రెండో థ్రెడ్‌ని అదే కోర్‌లోకి తోయదు. నువ్వు చేసేది అది ఎలాగూ చేసే పనే. కాకపోతే ఆరుగురికి మించి పనివాళ్లు వచ్చిన క్షణంలో అది ఏడో వాడికి సగం కుర్చీ అయినా ఇస్తుంది, నువ్వు బయట నిలబెడతావు. కొన్ని గేముల్లో రెండు మూడు శాతం లాభం కనిపించడం నేనూ చూశాను, కాదనను. కానీ ప్రతి గేమ్‌కీ విడిగా కొలిస్తే గానీ తెలియదు.

ఆ కమాండ్‌తో ఇంకో చిక్కుంది. దాంతో లాంచర్‌ని మొదలుపెడుతున్నావా, గేమ్‌నా?

---

మెరుపువేగం · మధ్యాహ్నం 3:22

లాంచర్‌ని. గేమ్ నేరుగా తెరుచుకోదు కదా.

---

కొలతబద్ద · మధ్యాహ్నం 3:35

అయితే ఇప్పుడే చూడు. అఫినిటీ తల్లి ప్రాసెస్ నుంచి పిల్లకి వారసత్వంగా వస్తుంది. High ప్రయారిటీ రాదు, అఫినిటీ మాత్రం వస్తుంది. ఆ లాంచర్ నుంచి నువ్వు తెరిచే ప్రతి గేమూ ఆరింటితోనే నడుస్తూ ఉండాలి. పవర్‌షెల్‌లో 1365 కనిపిస్తే అదే, 555 ని మామూలు అంకెల్లో రాస్తే 1365.

---

మెరుపువేగం · సాయంత్రం 5:50

నాలుగు గేములు తెరిచి చూశాను. నాలుగింటికీ 1365. అందులో ఒకటి లోడ్ అవ్వడానికి చాలాసేపు తీసుకుంటోందని నెల రోజులుగా డిస్క్‌ని తిట్టుకుంటున్నాను. షార్ట్‌కట్ తీసేశాను, ఇప్పుడు 4095. లోడింగ్ 50 సెకన్ల నుంచి 34కి వచ్చింది. మూడుసార్లు చూశాను.

---

రాత్రిసవారి · రాత్రి 11:20

కొలిచాను. రెండుసార్లు ఊరికే తిరిగి, తర్వాత ఒక్కోదానికి మూడుసార్లు. మూడింటి సగటు ఇది.

Normal, అన్ని కోర్లు: సగటు 96, 1% Low 58.
High, అన్ని కోర్లు: సగటు 96, 1% Low 59.
High, CPU 0 లేకుండా: సగటు 95, 1% Low 53.

మీరు చెప్పినట్టే అయింది, నేను చూసిన సాఫీతనం షేడర్లదే. పట్నంలో జీపీయూ వాడకం 70 దగ్గరే ఉంది, అడవిలో 98. కానీ అసలు సమస్య అలాగే ఉంది. మూడు సెట్టింగుల్లోనూ ఫ్రేమ్‌టైమ్ గీత మీద సూదుల్లాంటివి లేస్తున్నాయి. మామూలు ఫ్రేమ్ 10 మిల్లీసెకన్లు, సూది దగ్గర 40. జాగ్రత్తగా చూస్తే అవి సరిగ్గా రెండు సెకన్లకొకటి వస్తున్నాయి. అడవిలో కూడా ఉన్నాయి, ఇన్నాళ్లూ గమనించలేదు.

---

కొలతబద్ద · రాత్రి 11:47

చక్కగా కొలిచావు. ముందు అడవి సంగతి: జీపీయూ 98 అంటే గ్రాఫిక్స్ కార్డే ఆఖరి మనిషి, ప్రాసెసర్ దాని కోసం ఎదురు చూస్తోంది. అక్కడ ప్రాసెసర్ ప్రయారిటీ ఎంత పెంచినా చేరేది ఆ ఎదురుచూపులోకే. పట్నంలో జీపీయూ 70 అంటే ప్రాసెసర్ ఆలస్యం చేస్తోంది. అక్కడైనా High పనిచేయాలి కదా అనిపిస్తుంది. పని చేయదు, ఎందుకంటే గేమ్ ముఖ్య థ్రెడ్‌కి ఒక ఫ్రేమ్‌లో 10 మిల్లీసెకన్ల పని ఉంది, దానికి ఎవరూ అడ్డు రావట్లేదు. అడ్డులేని వాడిని ముందుకు జరిపినా పని 10 మిల్లీసెకన్లే. అక్కడ జనసాంద్రత, నీడల దూరం లాంటి సెట్టింగులు తగ్గిస్తేనే తేడా వస్తుంది.

ఇక సూదులు. గేమ్‌లో బరువు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది గడియారం చూసుకుని మారదు. సరిగ్గా రెండు సెకన్లకొకటి వస్తోందంటే ఏదో ప్రోగ్రామ్ టైమర్ పెట్టుకుని తడుతోంది. ఫ్యాన్ వేగం, ఉష్ణోగ్రత, లైట్ల రంగులు చూపించే యుటిలిటీ ఏమైనా వెనక నడుస్తోందా? ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని ఎంతసేపు పట్టుకుంటోందో చూపించే లేటెన్సీమాన్‌ని పది నిమిషాలు నడిపి, ఏ డ్రైవర్ పేరు పైకి వస్తోందో చూడు.

---

రాత్రిసవారి · మర్నాడు రాత్రి 9:30

దొరికింది! మదర్‌బోర్డుతో వచ్చిన లైట్ల ప్రోగ్రామ్. దాని డ్రైవర్ పేరే లేటెన్సీమాన్‌లో అన్నిటికంటే పైన ఉంది. ప్రోగ్రామ్ మూసేసి, దాని సర్వీస్ కూడా ఆపి కొలిచాను. Normal, అన్ని కోర్లు: సగటు 97, 1% Low 74. సూదులు ఒక్కటి కూడా లేవు. మళ్లీ తెరిచాను, సూదులు మళ్లీ వచ్చాయి. రెండుసార్లు ఇలా చేసి నిర్ధారించుకున్నాను.

High పెట్టినా అవి ఎందుకు ఆగలేదు అన్నా? ఆ ప్రోగ్రామ్ Normal లోనే ఉంది కదా, గేమ్ దానికంటే ముందుండాలి.

---

కొలతబద్ద · రాత్రి 10:05

ఆ ప్రోగ్రామ్ Normal లోనే ఉంది, కానీ అడ్డు పడింది ప్రోగ్రామ్ కాదు, దాని డ్రైవర్. డ్రైవర్లు హార్డ్‌వేర్‌తో మాట్లాడేటప్పుడు చేసే కొన్ని పనులకి ఆ 0 నుంచి 31 అంకెలే వర్తించవు. అవి థ్రెడ్లన్నిటికీ పైన నడుస్తాయి. అలాంటి పని ఒక కోర్ మీదకి వచ్చిందంటే, అక్కడున్న థ్రెడ్ 31 అయినా సరే, అది ముగిసేదాకా ఆగాల్సిందే. గేమ్ ముఖ్య థ్రెడ్ అప్పుడు ఆ కోర్ మీదే ఉంటే ఫ్రేమ్ మొత్తం ఆగుతుంది.

CPU 0 తీసేయమనే చిట్కా వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: డ్రైవర్ పనులు ఎక్కువగా CPU 0 మీదకి వస్తాయని, అందుకే గేమ్‌ని అక్కడి నుంచి తప్పించాలని. కొన్ని మెషీన్లలో అందులో కొంత నిజం ఉంది. నీ మెషీన్‌లో మాత్రం CPU 0 తీసేసినా సూదులు వచ్చాయి. డ్రైవర్‌ని వదిలేసి గేమ్‌ని తప్పించడం కంటే, ఆ డ్రైవర్‌నే ఆపడం మేలు.

---

జంటగోపురం · రాత్రి 10:40

మీరంతా అఫినిటీ పనికిరాదంటున్నారు, నాకు మాత్రం కచ్చితంగా పనిచేస్తోంది. నాది రైజెన్ 9 7950X3D. పదహారు కోర్లు రెండు ముక్కలుగా ఉంటాయి. మొదటి ఎనిమిదికి 96 ఎంబీ ఎల్3, రెండో ఎనిమిదికి 32 ఎంబీ. ఒక స్ట్రాటజీ గేమ్‌ని FFFF తో మొదటి ఎనిమిది కోర్లకి కడితే సగటు 61 నుంచి 78కి వెళ్లింది. ఐదుసార్లు కొలిచాను.

---

కొలతబద్ద · రాత్రి 11:15

నేను పైన "ఆరు కోర్లకీ ఒకే ఎల్3 క్యాష్ ఉన్నప్పుడు" అని రాసింది సరిగ్గా మీలాంటి ప్రాసెసర్‌ని పక్కన పెట్టడానికేనండీ. మీ దాంట్లో థ్రెడ్ ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి దూకితే నిజంగానే నష్టం, క్యాష్ పరిమాణంలో తేడా కూడా పెద్దది. మీ లెక్క నేను నమ్ముతాను.

కానీ మీరు కట్టకుండానే అది జరగాలి. ఏఎండీ చిప్‌సెట్ డ్రైవర్, ఎక్స్‌బాక్స్ గేమ్ బార్ కలిసి, గేమ్ నడుస్తోందని గుర్తుపడితే రెండో ముక్కని నిద్రపుచ్చి, గేమ్‌ని పెద్ద క్యాష్ ఉన్న వైపే ఉంచుతాయి. గేమ్ బార్ మీ గేమ్‌ని గుర్తుపట్టట్లేదేమో. గేమ్ తెరిచి Win+G నొక్కి, సెట్టింగుల్లో Remember this is a game టిక్ ఉందో లేదో చూడండి. టిక్ పెట్టి, FFFF లేకుండా మళ్లీ కొలవండి. అయినా కట్టాల్సి వస్తే, ప్రాసెస్ లాసో అనే ప్రోగ్రామ్‌లో అఫినిటీకి బదులు CPU Sets వాడండి. అది "వీలైతే ఇక్కడ" అని చెప్పడం లాంటిది. అఫినిటీ "ఇక్కడ తప్ప ఎక్కడా వద్దు" అనడం.

---

గొంతుకలకలం · రాత్రి 11:30

నాలుగు కోర్ల వాళ్లం మేమేం చేయాలి? నేను ఆడుతూ వెనక వీడియో కన్వర్ట్ చేస్తుంటాను, అప్పుడు ఆట కచ్చితంగా ముక్కలవుతుంది. ఇక్కడ క్యూ నిజంగా ఉంది కదా.

---

కొలతబద్ద · రాత్రి 11:44

ఉంది. ప్రయారిటీ నిజంగా పనికొచ్చే చోటు ఇదే. అయితే గేమ్‌ని పైకి లేపకండి, కన్వర్టర్‌ని కిందకి దించండి. దానికి Below normal పెట్టండి, ఇంకా ఇబ్బంది ఉంటే Low. గేమ్, వాయిస్, మౌస్ అన్నీ 8 మీదో పైనో ఉంటాయి, కన్వర్టర్ ఒక్కటే వాటి కింద 6 మీదో 4 మీదో ఉండి మిగిలిన సమయం తీసుకుంటుంది. మీ గొంతు కూడా ముక్కలవ్వదు. కన్వర్షన్ ఆలస్యమవుతుంది, అంతే.

---

పాతకీబోర్డు · ఉదయం 6:10

గొంతుకలకలం గారూ, అదే మెషీన్ నాకూ ఉండేది. Low పెట్టినా ఆట పూర్తిగా సాఫీ అవ్వలేదు. కన్వర్టర్ మెమరీని, డిస్క్‌ని కూడా గట్టిగా వాడుతుంది, ప్రయారిటీ తగ్గించినా మెమరీ దగ్గర పోటీ తగ్గలేదు. కన్వర్షన్‌ని రాత్రి పడుకునే ముందు పెట్టుకోవడమే నాకు కుదిరింది.

---

జంటగోపురం · రాత్రి 8:55

Remember this is a game టిక్ లేదు. పెట్టాను, మెషీన్ రీస్టార్ట్ చేశాను, FFFF తీసేశాను. ఇప్పుడు రెండో ముక్క కోర్లు రిసోర్స్ మానిటర్‌లో Parked అని కనిపిస్తున్నాయి. సగటు 74. బాగానే పెరిగింది కానీ, FFFF తో ఇప్పటికీ 78 వస్తోంది. ఆ నాలుగు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

---

కొలతబద్ద · రాత్రి 9:40

వెనక ఏదైనా గట్టిగా పనిచేస్తే నిద్రపోయిన కోర్లు లేస్తాయి, అప్పుడు గేమ్ థ్రెడ్లు కొన్ని అటు జారతాయి. నా అనుమానం అది, కానీ అది అనుమానమే. 74 వచ్చిన పరుగు మొత్తంలో ఆ ముక్క కోర్లు ఒక్కసారైనా లేచాయా అన్నది తెలియాలి. CPU Sets తో కూడా ఒక మూడు పరుగులు తీసి, మూడు ఫైళ్లూ ఇక్కడ పెట్టండి, గీతలు పక్కపక్కన పెట్టి చూస్తాను.

---

జంటగోపురం · రాత్రి 9:52

శనివారం తీసి పెడతాను.